మైగ్రేన్ డైరీని డాక్టర్‌కి చూపించే ఒక్క పేజీగా మార్చడం ఎలా?

ప్రశ్న: మూడు నెలలుగా మైగ్రేన్ డైరీ రాస్తున్నాను. నోట్‌బుక్ సగం నిండింది. వచ్చే వారం న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి, ఆయన అన్ని పేజీలు చదవరు కదా. నెలకు ఒక పేజీలో ఎలా కుదించాలి? నాకైతే నెలకు నాలుగు సార్లు వస్తోంది. నిద్ర లేకపోవడం, చాక్లెట్ కారణాలని అనుమానం. మాత్ర ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి అస్సలు చేయదు.

సమాధానం:

తలనొప్పి క్లినిక్‌లో నర్సుగా పదేళ్లకు పైగా పనిచేశాను. డాక్టర్ గారు లోపలికి పిలిచే ముందు పేషెంట్ డైరీ తీసుకుని లెక్కలు తీయడమే నా పని. నాకూ మైగ్రేన్ ఉంది కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందుగా ఒక మాట. "నెలకు నాలుగు సార్లు" అన్న వాక్యాన్ని మీ పేజీలోంచి తీసేయండి, లేదా కనీసం రెండో వరుసకు దించండి. డాక్టర్ చూసేది ఎన్ని సార్లు వచ్చిందని కాదు, ఎన్ని రోజులు పోయాయని. ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. మొదటిసారి డాక్టర్‌ని కలిసినప్పుడు నేనూ "నెలకు మూడు, నాలుగు సార్లండీ" అన్నాను. అయితే నొప్పి వచ్చినప్పుడు వేసుకోండి అని మాత్ర రాసి పంపించేశారు. ఆ నాలుగు సార్లూ కలిపితే పన్నెండు రోజులని నేనూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు మొదలవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఎలా లెక్కపెట్టాలో ఒక నెల తీసుకుని చూపిస్తాను. ఇది ఏ ఒక్కరి డైరీ కాదు, నేను చూసినలాంటి డైరీల్లోంచి కూర్చిన ఉదాహరణ. 30 రోజుల నెల. ఆమె కూడా మీలాగే "నాలుగు సార్లు" అనే అంటుంది.

డైరీలో ఇలా ఉంది. 3వ తేదీ సాయంత్రం మొదలై 5 దాకా ఒకటి. 9, 10 తేదీల్లో ఒకటి. 16 నుంచి 18 వరకు ఒకటి. 24 నుంచి 26 వరకు ఒకటి. ఇవి కాక 7, 13, 14, 21, 29 తేదీల్లో "కొంచెం తల బరువు", "మామూలు తలనొప్పి" అని రాసుకుంది.

రోజుల లెక్క

ఒక కాగితం మీద 1 నుంచి 30 వరకు గళ్లు గీసి, ప్రతి గడిలో ఆ రోజు నొప్పి ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో ఒక అంకె వేయండి. ఏమీ లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, పనికి అడ్డొచ్చేంత ఉంటే 2, పడుకోవాల్సి వస్తే 3. పదికి ఎంత అని రాసుకునే అలవాటు ఉంటే అదీ తప్పు కాదు. కానీ నెల చివర 6కీ 7కీ తేడా ఏమిటో మీకే గుర్తుండదు. నాలుగు మెట్లు చాలు. మందుల పరీక్షల్లోనూ ఎక్కువగా వాడేది ఈ నాలుగు మెట్ల కొలతే.

తర్వాత ఆ గళ్లలో మైగ్రేన్ రోజులకు పక్కన ఒక గుర్తు పెట్టండి. ఏది మైగ్రేన్ రోజు, ఏది మామూలు తలనొప్పి రోజు అన్నదే చాలామంది తడబడే చోటు. నొప్పి ఒక పక్కనే ఉండటం, నరం కొట్టుకున్నట్టు ఉండటం, మధ్యస్థంగా లేదా తీవ్రంగా ఉండటం, నడిచినా మెట్లెక్కినా పెరగడం, ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. వాటితో పాటు వికారం లేదా వాంతి ఉండాలి. అవి లేకపోతే వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోవడమైనా ఉండాలి. ఇంటర్నేషనల్ హెడేక్ సొసైటీ వర్గీకరణలో ఉన్న లక్షణాలివే.

మరి మైగ్రేన్ మొదలవుతోందని తెలిసి, దాన్ని ఆపడానికి ఇచ్చే ట్రిప్టాన్ జాతి మాత్ర వేసుకోగానే తగ్గిపోయిన రోజు సంగతేమిటి? వికారం దాకా పోలేదు కాబట్టి మైగ్రేన్ కాదని చాలామంది వదిలేస్తారు. అది తప్పు. మైగ్రేన్ అనిపించి ట్రిప్టాన్‌తో తగ్గిన రోజు కూడా మైగ్రేన్ రోజే. మాత్ర ఆపిందే తప్ప రాక మానలేదు కదా. అర్ధరాత్రి దాటితే? రాత్రి పదకొండుకు మొదలై తెల్లవారుజామున మూడింటికి తగ్గితే రెండు తేదీలకూ గుర్తు పెట్టండి. ఇంకోలా లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు. మీరు ఏ పద్ధతి పెట్టుకున్నా మూడు నెలలకూ అదే పాటించండి, లేకపోతే నెలకూ నెలకూ పోలిక కుదరదు.

ఇప్పుడు మన ఉదాహరణలో గళ్లు లెక్కపెడితే, మైగ్రేన్ రోజులు 3+2+3+3, మొత్తం 11. మామూలు తలనొప్పి రోజులు 5. ఏదో ఒక తలనొప్పి ఉన్న రోజులు 16. తల తేలిగ్గా ఉన్న రోజులు 14 మాత్రమే.

"నాలుగు సార్లు" అన్న మనిషి నెలలో సగానికి పైగా రోజులు నొప్పితోనే గడిపింది. ఇది ఊరికే చెప్పే మాట కాదు. నెలకు 15 లేదా అంతకు మించి తలనొప్పి రోజులుండి, వాటిలో కనీసం 8 మైగ్రేన్ రోజులై, ఇలా మూడు నెలలకు మించి సాగితే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. దాని చికిత్స దారి వేరు. ఒక్క నెల లెక్క చూసి ఆ పేరు పెట్టకూడదు, పెట్టేది డాక్టరే. కానీ 16, 11 అన్న రెండు అంకెలు పేజీ పైన కనిపిస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్నే మారిపోతుంది. అందుకే ఆ "కొంచెం తల బరువు" రోజుల్ని వదిలేయొద్దంటున్నాను.

ఎన్ని సార్లు వచ్చిందన్నది కూడా రాయండి, రెండో వరుసలో. దానికీ ఒక పద్ధతి ఉంది. నొప్పి తగ్గి 48 గంటల లోపే మళ్లీ వస్తే అది కొత్త అటాక్ కాదు, పాతదే. ఈ ఉదాహరణలో 9వ తేదీ సాయంత్రానికి పూర్తిగా తగ్గి, 10వ తేదీ రాత్రి ఎనిమిదికి మళ్లీ వచ్చింది. ఇలాంటిదాన్ని రెండు సార్లుగా రాసుకునేవాళ్లు ఉన్నారు. లెక్కలో అది ఒక్కటే. నిద్రపోయి లేచేసరికి కాసేపు లేకుండా మళ్లీ మొదలైనా అంతే.

ఖాళీ గళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రాయడం మరచిపోయిన రోజుకి 0 వేయకండి. 0 అంటే నొప్పి లేదని, ఖాళీ అంటే తెలియదని. పేజీ మీద "30 రోజుల్లో 27 రోజులు రాశాను" అని ఒక ముక్క పెడితే చాలు, డాక్టర్ అర్థం చేసుకుంటారు. అపాయింట్‌మెంట్ ముందు రాత్రి కూర్చుని జ్ఞాపకంతో గళ్లు నింపిన డైరీలు నేను చాలా చూశాను. అన్ని రోజులూ ఒకే పెన్ను, ఒకే తీరు రాత, తీవ్రమైన రోజులు మాత్రమే ఉంటాయి. ఆ మధ్య రోజులన్నీ మాయం.

నెలల్ని పోల్చేటప్పుడు ఇంకో చిన్న విషయం. ఒక నెలలో 31 రోజుల్లో 11, ఇంకో నెలలో 28 రోజుల్లో 10 మైగ్రేన్ రోజులు ఉంటే తగ్గినట్టు కాదు. మొదటిదాన్ని 28 రోజులకు లెక్కగడితే దాదాపు 10 వస్తుంది. రెండూ ఒకటే.

మందుల లెక్క

ఇక్కడ కూడా మాత్రలు కాదు, రోజులు. 17వ తేదీన ఆమె రెండు ట్రిప్టాన్ మాత్రలు వేసుకుంది, అయినా అది ఒక్క రోజే. మాత్రల సంఖ్య కూడా పక్కన రాయండి, కానీ ముందు చూడాల్సింది రోజులు.

ఒక్కో రకం మందుకు ఒక్కో వరుస పెట్టండి. ఆమె వాడేది సుమట్రిప్టాన్, పారాసిటమాల్. సుమట్రిప్టాన్ వేసుకున్న తేదీలు 3, 4, 9, 16, 17, 24, 25, అంటే 7 రోజులు. పారాసిటమాల్ 4, 5, 7, 10, 13, 17, 21, 26, 29, అంటే 9 రోజులు.

మందు ఎక్కువై దాని వల్లే వచ్చే తలనొప్పి గురించి వినే ఉంటారు. నొప్పి తగ్గించే మాత్రలు తరచుగా వేసుకుంటే కొన్నాళ్లకు ఆ వాడకమే తలనొప్పి రోజుల్ని పెంచుతుంది. ట్రిప్టాన్‌లు, రెండు మూడు మందులు కలిపి చేసిన నొప్పి మాత్రలు, నల్లమందు జాతి మందులు అయితే నెలకు 10 రోజులు హద్దు. ఒక్క పారాసిటమాలో, ఐబుప్రోఫెన్ లాంటిదో అయితే 15 రోజులు. ఆ హద్దును చేరి లేదా దాటి మూడు నెలలకు మించి వాడుతూ, తలనొప్పి రోజులూ 15కి చేరితే దాన్ని అనుమానిస్తారు.

ఈ లెక్కన ఆమె క్షేమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ట్రిప్టాన్ 7, పదికి తక్కువే. పారాసిటమాల్ 9, పదిహేనుకి చాలా తక్కువ. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఇంకో వరుస ఉంది: ఏదో ఒక మందు వేసుకున్న మొత్తం రోజులు. 7, 9 కలిపి 16 అనకండి, 4వ తేదీ, 17వ తేదీ రెండింటిలోనూ ఉన్నాయి. వాటిని ఒక్కసారే లెక్కేస్తే 14 రోజులు. రకరకాల మందులు మార్చి మార్చి వాడేవాళ్లకు, ఏ ఒక్కటీ దాని హద్దు దాటకపోయినా, అన్నీ కలిపి 10 రోజులు చేరితే చాలు, మందుల అతివాడకం కిందికే వస్తుంది. 14 అన్నది ఆ గీత దాటిన అంకె. ఈ ఒక్క వరుస లేకపోవడం వల్ల ఎన్ని డైరీల్లో ఈ సంగతి దాగిపోయిందో చెప్పలేను.

కలిపి చేసిన మాత్ర వాడుతుంటే డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. పారాసిటమాల్ అనుకుని వేసుకునేదాంట్లో కెఫీనో, కోడీనో కూడా ఉండొచ్చు. అప్పుడు దాని హద్దు 15 కాదు, 10. నడుం నొప్పికో, జ్వరానికో వేసుకున్న నొప్పి మాత్ర కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దేనికి వేసుకున్నామన్నది ఒంటికి తెలియదు.

ఈ అంకె చూసి కంగారుపడి రేపటి నుంచి అన్నీ ఒక్కసారిగా ఆపేయకండి. కొన్ని మందులు, ముఖ్యంగా కోడీన్ లాంటివి, ఒక్కసారిగా ఆపితే వేరే ఇబ్బందులు వస్తాయి. పేజీ మీద రాసి తీసుకెళ్లండి, ఎలా తగ్గించాలో అక్కడ మాట్లాడుకోవచ్చు.

కంప్యూటర్‌లో గళ్లు పెట్టుకునేవాళ్ల కోసం: A వరుసలో తేదీ, Bలో నొప్పి అంకె, Cలో మైగ్రేన్ అయితే 1, Dలో ట్రిప్టాన్ మాత్రలు, Eలో ఇతర నొప్పి మాత్రలు వేసుకోండి. పైన మొదటి అడ్డు వరుసను పేర్లకు వదిలి, రెండో వరుస నుంచి రోజులు మొదలుపెట్టండి. అక్కడ అంకెలు తప్ప మాటలు రాయొద్దు. రాసిన రోజులు, తలనొప్పి రోజులు, మైగ్రేన్ రోజులు, మందు వేసుకున్న మొత్తం రోజులు వరుసగా ఇవి ఇస్తాయి:

```
=COUNT(B2:B31)
=COUNTIF(B2:B31,">0")
=COUNTIF(C2:C31,1)
=SUMPRODUCT(--((D2:D31+E2:E31)>0))
```

చివరిది ఒకే రోజున రెండు మందులున్నా ఒక్కసారే లెక్కేస్తుంది. 31 రోజుల నెలకు 31ని 32 చేసుకోండి. కాగితం మీద చేసేవాళ్లు రంగు పెన్సిల్‌తో గడి నింపుకుంటే చాలు, ఫలితం అదే.

"ఒక్కోసారి పనిచేస్తుంది" అన్నదాని వెనక

ఈ మాటను విప్పి చూడాలంటే మాత్ర వేసుకున్న ప్రతిసారీ నాలుగు సంగతులు కావాలి: నొప్పి మొదలయ్యాక ఎంత సేపటికి వేసుకున్నారు, అప్పటికి నొప్పి ఎంత, రెండు గంటల తర్వాత ఎంత, 24 గంటల లోపు మళ్లీ వచ్చిందా. రెండు గంటలని ఎందుకంటే, మందు పనితీరు కొలిచేటప్పుడు చూసే సమయం అదే. రెండు గంటలకు 0 అయితే నొప్పి పోయినట్టు. 3 లేదా 2 నుంచి 1కి దిగితే ఉపశమనం. 3 నుంచి 2కి దిగితే అది ఉపశమనం కింద రాయకండి. "కొంచెం నయం" అనిపించినా సరే.

ఆమె ట్రిప్టాన్ వేసుకున్న ఏడు రోజుల్ని, ఆ రోజు మొదటి మాత్ర ప్రకారం రెండు గుంపులు చేశాం. 3, 9, 16, 24 తేదీల్లో నొప్పి ఇంకా 1 ఉండగానే, గంట లోపే వేసుకుంది. వాటిలో మూడు సార్లు రెండు గంటలకు 0 అయ్యింది, 24వ తేదీన మాత్రం 1 దగ్గరే ఆగింది. 4, 17, 25 తేదీల్లో నొప్పి 3కి చేరాక వేసుకుంది. మూడింట్లో ఒక్కసారీ ఉపశమనం లేదు.

అంటే మందు ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి మానేయడం లేదు. మొదట్లో వేసుకుంటే నాలుగింట మూడు సార్లు, ముదిరాక వేసుకుంటే మూడింట ఒక్కసారీ లేదు. ఇలా రాస్తే డాక్టర్‌కి పనికొస్తుంది. "సుమట్రిప్టాన్ నాకు పడలేదు" అని చెబితే మందు మార్చేస్తారు. అసలు సమస్య సమయమైతే కొత్త మందుకూ అదే గతి.

ఇంకాస్త లోపలికి వెళ్తే ఇంకోటి కనిపించింది. తగ్గిన మూడు సార్లలో రెండు సార్లు, 3వ తేదీదీ 16వ తేదీదీ, మర్నాడు పొద్దున్న నిద్ర లేచేసరికి మళ్లీ వచ్చాయి. ఆలస్యంగా వేసుకున్న మూడూ అలా నొప్పితో నిద్ర లేచిన పొద్దుటివే. నిద్రలో ముదిరిన నొప్పికి "ముందే వేసుకోవాల్సింది" అనడం అన్యాయం. నొప్పి మళ్లీ తిరగబెట్టడం, ముదిరిన నొప్పితో నిద్ర లేవడం అన్న రెండు సంగతులు రాస్తే, ఎక్కువ సేపు పనిచేసే ట్రిప్టాన్ గురించో, తోడుగా ఇంకో మందు ఇవ్వడం గురించో, ముక్కులో కొట్టే స్ప్రే గురించో డాక్టర్ ఆలోచిస్తారు. ఏది తగునో మీ బీపీ, గుండె సంగతులు చూసి ఆయనే తేల్చాలి.

ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. ముందుగా వేసుకుంటే పనిచేస్తుందని తెలిశాక ప్రతి చిన్న తల బరువుకీ మాత్ర వేసుకోవడం మొదలవుతుంది. అప్పుడు మందుల రోజులు పెరిగి, పైన చెప్పిన గీత దాటతాయి. ఆమె 7, 13, 21, 29 తేదీల మామూలు నొప్పులకు కూడా పారాసిటమాల్ వేసుకుందని గమనించారా? అవి తీసేస్తే 14 కాస్తా 10 అవుతుంది. ఆ 10 కూడా గీత మీదే ఉంది, దిగువన కాదు. నెలకు 11 మైగ్రేన్ రోజులున్న మనిషికి ఈ ఇరకాటం మాత్రలతో తీరదు, రాకుండా ఆపే మందు గురించి మాట్లాడాల్సిందే.

ట్రిగ్గర్లు

ట్రిగ్గర్లంటే నొప్పిని రేపేవి. అందరికీ ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. నొప్పి వచ్చిన రోజున "నిన్న ఏం తిన్నాను" అని వెతికి రాసుకుంటాం. నొప్పి రాని రోజున ఎవరూ వెతకరు. అలాంటి డైరీలో ఏది చూసినా ట్రిగ్గర్‌లాగే కనిపిస్తుంది.

అనుమానం ఉన్న వాటిలో రెండో మూడో ఎంచుకుని, నొప్పి ఉన్నా లేకపోయినా ప్రతి రోజూ అవును, కాదు అని రాయాలి. ఆమె నిద్రనీ చాక్లెట్‌నీ అలా రాసింది. లెక్క ఇలా చేశాం. ముందుగా అప్పటికే అటాక్ నడుస్తున్న రోజులు, అంటే 4, 5, 10, 17, 18, 25, 26, పక్కన పెట్టాం. నొప్పి నడుస్తున్నప్పుడు నిద్ర ఎలాగూ చెడుతుంది, దాన్ని కారణంగా రాస్తే తలకిందులవుతుంది. మిగిలినవి 23 రోజులు. వాటిలో 4 రోజులు అటాక్ మొదలైంది.

ఆ 23లో ముందు రాత్రి ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయినవి 6. వాటిలో 3 రోజులు అటాక్ మొదలైంది. సరిగ్గా పడుకున్నవి 17, వాటిలో 1 రోజే. ఆరింట మూడు ఒక పక్క, పదిహేడింట ఒకటి ఒక పక్క. తేడా కంటికి కనిపిస్తోంది.

ముందు రోజు చాక్లెట్ తిన్నవి 10, వాటిలో 2 రోజులు అటాక్. తిననివి 13, వాటిలోనూ 2 రోజులే. తేడా లేనట్టే. ఆమె మాత్రం ఆ రెండు సార్లే గుర్తుపెట్టుకుని, తిన్నా ఏమీ కాని ఎనిమిది రోజుల్ని మరచిపోయింది.

చాక్లెట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. మైగ్రేన్ నొప్పి మొదలయ్యే కొన్ని గంటల ముందు నుంచి, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందు నుంచే కొందరికి ఆవులింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి మీద మనసు పోవడం లాంటివి ఉంటాయి. అటాక్ అప్పటికే లోపల మొదలైందన్నమాట. ఆ తీపి కోరికతో చాక్లెట్ తిని, మర్నాడు నొప్పి రాగానే చాక్లెట్ మీద నేరం వేస్తాం. మీ డైరీలో చాక్లెట్ రోజునే ఆవులింతలో, మెడ నొప్పో కూడా రాసి ఉంటే దాన్ని ట్రిగ్గర్ల వరుసలో కాకుండా "ముందు కనిపించే గుర్తులు" అన్న వరుసలో రాయండి. వెలుతురుకీ ఇదే వర్తిస్తుంది. ఎండ వల్ల వచ్చిందా, రాబోతుంది కాబట్టి ఎండ చూడలేకపోయారా అన్నది తేల్చడం అంత తేలిక కాదు.

నెలకు నాలుగు అటాక్‌లతో ఏ ట్రిగ్గర్‌నీ రుజువు చేయలేం. నిద్ర లెక్క కూడా మూడు నెలలవీ కలిపి చూశాకే నమ్మండి. అప్పటిదాకా "అనుమానం" అనే రాయండి. ఇప్పటిదాకా మీరు నొప్పి వచ్చిన రోజున మాత్రమే ట్రిగ్గర్లు రాసి ఉంటే, ఈ లెక్క వెనక్కి వెళ్లి చేయలేరు. అది కూడా దాచకుండా "అటాక్ రోజుల్లో మాత్రమే రాశాను" అని పెట్టండి.

నెలసరి ఉన్నవాళ్లు ఆ తేదీని పేజీ మీద తప్పకుండా వేయాలి. రక్తస్రావం మొదలైన రోజు 1, దాని ముందు రోజు మైనస్ 1, మధ్యలో సున్నా లేదు. మైనస్ 2 నుంచి 3వ రోజు వరకు ఉన్న ఐదు రోజుల్లో అటాక్ మొదలవుతోందా చూడండి. మూడు నెలసరుల్లో కనీసం రెండింట్లో అలా జరిగితే నెలసరికి ముడిపడిన మైగ్రేన్ అని ఆలోచిస్తారు. ఈ ఉదాహరణలో నెలసరి 25న మొదలైంది, అటాక్ 24న, అంటే మైనస్ 1. మొదట్లోనే వేసుకున్నా మాత్ర సరిగ్గా పనిచేయనిది కూడా ఆ ఒక్కసారే అని గమనించండి. ఒక్క నెలతో ఏమీ అనలేం, మిగతా రెండు నెలల్లోనూ అదే చోట చూడాలి.

పేజీ ఇలా ఉంటుంది

రాసిన రోజులు: 30లో 30
తలనొప్పి రోజులు 16, వాటిలో మైగ్రేన్ 11
అటాక్‌లు: 4
తీవ్రత: 3 ఉన్న రోజులు 3, 2 ఉన్నవి 4, 1 ఉన్నవి 9
పూర్తిగా పని మానేసిన రోజులు: 3
మందు రోజులు: సుమట్రిప్టాన్ 7 (మాత్రలు 8), పారాసిటమాల్ 9, ఏదో ఒకటి 14
ఫలితం: మొదట్లో వేసుకుంటే 4లో 3 సార్లు రెండు గంటలకు నొప్పి లేదు, వాటిలో 2 మర్నాడు పొద్దున్నకే తిరగబెట్టాయి. ముదిరాక వేసుకుంటే 3లో 0
అనుమానం: తక్కువ నిద్ర, 6లో 3, మామూలుగా 17లో 1. చాక్లెట్ తేడా లేదు
నెలసరి: 25న, అటాక్ మైనస్ 1న
కొత్తగా కనిపించినవి: ఏమీ లేవు

ఆ చివరి వరుస ఖాళీగా వదలకండి. కొత్త రకం నొప్పి, చూపులో తేడా, మొదటిసారి తిమ్మిర్లు లాంటివి అక్కడ రాయాలి. అయితే క్షణాల్లో పిడుగులా పడ్డ తలనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు బలహీనపడటం, జ్వరంతో మెడ బిగుసుకోవడం లాంటివి వస్తే పేజీలో రాసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు నెలలవీ ఇలా తీశాక, వాటిని మూడు నిలువు వరుసలుగా ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టండి. రోజూ వేసుకునే మందు ఏదైనా మొదలుపెట్టినా, డోసు మార్చినా ఆ నెల పైన తేదీ వేయండి. అలాంటి మందుల్ని సాధారణంగా సరైన డోసులో రెండు మూడు నెలలు చూశాకే, మైగ్రేన్ రోజులు సగానికి తగ్గాయా లేదా అని తేలుస్తారు. మొదటి నెలలో 11 కాస్తా 9 అయితే మందు పనిచేయలేదనీ అనకండి, చేసిందనీ అనకండి. మందేమీ లేకపోయినా నెలకూ నెలకూ అంత తేడా ఉంటూనే ఉంటుంది.

నోట్‌బుక్‌ని కూడా వెంట తీసుకెళ్లండి, సంచిలోనే ఉంచండి. 17వ తేదీ ఏం జరిగిందని అడిగితే తీసి చూపించవచ్చు. మీ దగ్గర రెండు గంటల తర్వాతి అంకెలు లేకపోతే ఈ నెల పేజీలో ఆ వరుస వదిలేసి, ఈ రోజు నుంచే మాత్ర వేసుకోగానే ఫోన్‌లో రెండు గంటలకు అలారం పెట్టడం మొదలుపెట్టండి. నొప్పిలో గడియారం చూడటం ఎవరికీ గుర్తుండదు.